ఆల్దో తర్వాత బట్ ఎందుకొస్తుంది?

ఈ వారం చూసిన ఒక పోటీ పరీక్షల గైడులో, తప్పులు పట్టే ప్రశ్నల దగ్గర, మనందరికీ తెలిసిన వాక్యమే మళ్లీ కనిపించింది: ‘ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ వెంట్ ఆన్.’ ‘బట్’ తీసెయ్యాలని జవాబు. అంతవరకు పేచీ లేదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇచ్చిన కారణమే మింగుడుపడలేదు. తెలుగులో ఇలాంటి చోట రెండు మాటలు వాడటం మనకు అలవాటట, ఆ అలవాటునే ఇంగ్లీషులోకి మోసుకుపోతున్నామట. మాతృభాష మీద నేరం మోపేటప్పుడు సాక్ష్యం అడిగేవాళ్లుండరని ఈ కాలమ్‌లో చాలాసార్లు వాపోయాను. ఈసారి సాక్ష్యం అడుగుదాం. ముద్దాయి తెలుగే కాబట్టి ముందు తెలుగు వాక్యాన్నే బోనెక్కిద్దాం.

‘వర్షం పడినా ఆట ఆగలేదు.’ ఇందులో సంధాన పదం ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారే. అదీ విడిమాటగా కాదు, ‘పడినా’ అన్న క్రియ చివర దీర్ఘంగా. పాత గ్రంథాల్లో ‘పడినను’ అని రాసేవారు, ఇప్పుడు ఆ ‘ను’ కూడా అరిగిపోయి దీర్ఘం మిగిలింది. ఇంకోలా చెప్పాలంటే ‘వర్షం పడింది కానీ ఆట ఆగలేదు’ అంటాం. ఇక్కడా ఒక్కటే. ‘నా’ వాడితే ‘కానీ’ అక్కర్లేదు, ‘కానీ’ వాడితే ‘నా’ అక్కర్లేదు. ఇంగ్లీషు వ్యాకరణం ఆల్దోకీ బట్‌కీ పెట్టిన షరతు కూడా ఇదే కదా! ఈ లెక్కన తెలుగు నేరుగా నేర్పించి ఉంటే మనం ఆ తప్పు చేయకూడదు. హిందీవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ‘హాలాఁకి’ ముందు ఖండం మొదట, ‘లేకిన్’ రెండో ఖండం మొదట వస్తాయి, వాటిని ఉన్నవున్నట్టు దించేస్తే ఆల్దో, బట్ అవుతాయి. చైనావాళ్లకూ అంతే. వాళ్ల ‘స్వేరాన్’, ‘దాన్‌ష’ జంట మాటలు, ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు వాళ్లు సరిగ్గా ఈ తప్పే చేస్తారు. వాళ్లది సూటి దిగుమతి. మనకు దిగుమతి చేసుకోవడానికి ఆ జంటే లేదు. అయినా తప్పు మాత్రం అచ్చం అదే.

ఇక్కడ చదువరి నన్ను ఆపుతారని తెలుసు. ‘ఎంత చెప్పినా గానీ వినడు’ అనమా? ‘ఒకవేళ వస్తే’ అనమా? ‘రాలేదు, ఎందుకంటే జ్వరం వచ్చింది కాబట్టి’ అని రోజూ వినమా? వింటాం. ఇవి జంటలే. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేను, తోసిపుచ్చాలనీ లేదు, ఎందుకంటే అసలు గుట్టు ఇందులోనే ఉంది. ఆ జంటల్లో ఏ మాట ఎక్కడ కూర్చుందో చూడండి. ‘చెప్పినా గానీ’లో రెండూ ఒకేచోట ఉన్నాయి, ముందు ఖండం చివర, అతుకు మీదే. మాట్లాడేవాడు ఆగేది ‘గానీ’ తర్వాత, దానికి ముందు కాదు. అది నొక్కు కోసం చేర్చిన మాట. ‘ఒకవేళ వస్తే’లో ‘ఒకవేళ’ను తీసేయండి, వాక్యానికేమీ కాదు. ‘తే’ను తీసి చూడండి, వాక్యం నిలబడదు. అంటే ముందు వచ్చే మాట ఒక ప్రకటన లాంటిది: రాబోయేది షరతు సుమా అని ముందుగా చెవిన వేస్తుంది. వ్యాకరణపు పని చేసేది మాత్రం ఖండం చివరున్న ప్రత్యయమే. ‘ఎందుకంటే’, ‘కాబట్టి’ల సంగతీ అంతే. మొదటిది లేకపోయినా కారణం కారణంగానే ఉంటుంది.

క్రియ చివర వచ్చే భాషల్లో చాలావాటికి ఇదే పద్ధతి. కన్నడం, తమిళం మనలాగే ఖండం చివర ముడి వేస్తాయి. అందుకని మన చెవి ముడి కోసం వెతికే చోటు ఒకటుంది: రెండు ఖండాల మధ్య. ఇంగ్లీషులో ఆల్దో వాక్యం మొదట్లో కూర్చుంటుంది. ‘ఆల్దో ఇట్ రెయిన్డ్’ అని ఆగాక, అతుకు దగ్గర కామా తప్ప ఇంకేమీ లేదు. మన చెవికి అక్కడ ఏదో జారిపోయినట్టుంటుంది. ఆల్దోను మనం ‘ఒకవేళ’ లాంటి ప్రకటన మాటగా లెక్కేసుకుని, అసలు పని ఇంకా మిగిలే ఉందనుకుని, ఆ ఖాళీలో బట్ పెడతాం. కనుక ఇది మాట రెట్టింపు చేసే అలవాటు కాదు, చోటు అలవాటు.

ఈ మాట ఊహేనా, రుజువుందా? పరీక్ష చాలా సులువు. అదే వాక్యాన్ని తిరగేయండి: ‘ద మ్యాచ్ వెంట్ ఆన్ ఆల్దో ఇట్ రెయిన్డ్.’ ఇప్పుడు బట్ ఎక్కడ పెడతారు? ‘బట్ ద మ్యాచ్ వెంట్ ఆన్ ఆల్దో ఇట్ రెయిన్డ్’ అని ఎంత కొత్తగా ఇంగ్లీషు నేర్చుకునేవాడూ రాయడు. రెట్టింపు చేయడమే మన జబ్బయితే, ఖండాలు తారుమారైనా ఆ జబ్బు అక్కడే ఉండాలి. ఆల్దో వచ్చి అతుకు మీద కూర్చోగానే బట్ అవసరం ఆవిరైపోయింది. బికాజ్ కథా ఇదే. ‘బికాజ్ ఐ వాజ్ ఇల్, సో ఐ డిడ్ నాట్ కమ్’ అని రాసేవాడే ‘ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఐ వాజ్ ఇల్’ అని తప్పు లేకుండా రాస్తాడు. ముందు ఖండం ఎంత పొడుగైతే తప్పుకు అంత ఎక్కువ అవకాశం కూడా. రెండు లైన్లు దాటేసరికి మొదటి ఆల్దో జ్ఞాపకం నుంచి జారిపోతుంది, కామా ఒక్కటే కళ్ల ముందుంటుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. మన ‘కాబట్టి’ రెండువైపులా తిరుగుతుంది. ‘జ్వరం వచ్చింది కాబట్టి రాలేదు’ అన్నప్పుడు అది ముందు ఖండాన్ని అంటిపెట్టుకుని బికాజ్ పని చేస్తుంది. ‘జ్వరం వచ్చింది. కాబట్టి రాలేదు’ అని మధ్యలో చుక్క పెడితే రెండో వాక్యంలోకి దూకి సో అవుతుంది. ‘అయినా’ కూడా ఇలాంటిదే. ‘ఆలస్యం అయినా వచ్చాడు’లో ఆల్దో, ‘ఆలస్యం అయింది. అయినా వచ్చాడు’లో యెట్. మనం ఒక్క మాటతో చేసే పనిని ఇంగ్లీషు రెండు మాటలకు పంచింది, పైగా ఒక వాక్యంలో ఒకరే డ్యూటీకి రావాలని నిబంధన పెట్టింది. ఆ నిబంధనను ఎవరూ ఇలా విప్పి చెప్పరు, తప్పు కింద ఎర్రగీత మాత్రం పడుతుంది.

బడిపుస్తకం చేసిన మేలూ తక్కువేం కాదు. తరాలుగా మన హైస్కూళ్లను ఏలిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో జంట సముచ్చయాల పట్టికలో ‘దో’కు జోడీగా ‘యెట్’ ఉంది. ఆల్దో వస్తే కామా తర్వాత ఏదో ఒకటి రావాలన్న నమ్మకానికి అక్కడే పునాది పడుతుంది, ఆ చోటు ఒకసారి తెరుచుకున్నాక యెట్ కంటే బాగా తెలిసిన బట్ అందులో కూర్చోవడం ఎంతసేపు? ఆపైన సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అంటూ ఒకే భావాన్ని మూడు రకాలుగా తిప్పించే అభ్యాసం ఒకటుంది. ‘ఆల్దో’తో రాస్తే కాంప్లెక్స్, ‘బట్’తో రాస్తే కాంపౌండ్. పిల్లవాడు రెండింటినీ పక్కపక్కనే బట్టీ పడతాడు. పరీక్షలో సగం దీన్నుంచి, సగం దాన్నుంచి రాస్తాడు. ఇందులో తెలుగు దోషం ఎంతో, అభ్యాసం దోషం ఎంతో తూచి చెప్పగలిగినవారు ఇంకా నాకు తారసపడలేదు.

అయితే ‘దో’ పక్కన యెట్ ఒప్పు, బట్ ఎందుకు తప్పు? తర్కం చెప్పే జవాబైతే లేదు, ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడం తప్పయితే రెండూ తప్పే కావాలి. తేడా మాటల జాతిలో ఉంది. యెట్, స్టిల్ వంటివి క్రియావిశేషణాలు, ‘స్టిల్’ను వాక్యంలోపలికి జరపొచ్చు: ‘ద మ్యాచ్ స్టిల్ వెంట్ ఆన్.’ బట్ కదలదు, ఇలాంటి చోట దాని పని రెండు సమాన ఖండాలను కలపడమే. ఆల్దో అప్పటికే ఒక ఖండాన్ని రెండోదానికి లోబరిచాక, సమానులను కలిపే మాటకు అక్కడ పనిలేదు. ‘ఇఫ్’ తర్వాత ‘దెన్’ పెడితే ఎవరూ గీత గీయనిదీ ఇందుకే. మన అలవాటు అక్కడా అదే, ఖాళీ అతుకును పూడ్చడమే. దెన్ క్రియావిశేషణం కాబట్టి బతికిపోయాం. ‘సపోజింగ్ ఇఫ్ హీ కమ్స్’ దగ్గర మాత్రం దొరికిపోతాం, ‘ఒకవేళ’, ‘తే’ రెండూ అక్కడ పక్కపక్కన చేరి ఒకే పని చేస్తున్నాయి.

ఇంగ్లీషు ఈ విషయంలో మొదటినుంచీ ఇంత పొదుపుగా లేదన్నది కూడా చెప్పాలి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘ఎప్పుడు’, ‘అప్పుడు’లకు ఒకే మాట, ‘థా’, రెండు ఖండాల మొదట్లోనూ వచ్చేది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ‘దో’కు ‘యెట్’, ‘బికాజ్’కు ‘దేర్‌ఫోర్’ జోడీగా వచ్చే వాక్యాలున్నాయి. తర్వాతి కాలంలో వచనం ఆ జోడీలను చాలావరకు వదిలేసుకుంది. ఇప్పటి నియమం ఇప్పటి వాడుక, అంతకుమించి పవిత్రత దానికి లేదు. మరి మన ఆల్దో, బట్‌లనూ భారతీయ ఇంగ్లీషు అని ఒప్పేసుకుందామా? వాదన ఇంతదూరం వచ్చాక అలా అనడమే న్యాయంగా కనిపిస్తుంది. నేను అనను. మాటల్లో దొర్లితే ఎవరికీ అర్థం చెడదు, దానికి నవ్వేవాళ్లదే కుసంస్కారం. రాతలో మాత్రం ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవడం అంటే ఏది ముఖ్యమో తేల్చుకోవడం. ‘వర్షం పడినా ఆట ఆగలేదు’లో వర్షం వెనక్కి తగ్గి ఆట ముందుకొస్తుంది. ‘వర్షం పడింది కానీ ఆట ఆగలేదు’లో రెండూ సమానంగా నిలుస్తాయి. తెలుగులో మనం రోజూ పాటించే ఈ తేడాను ఇంగ్లీషులో రెండు మాటలూ కలిపి వాడి చెరిపేసుకుంటున్నాం. పోయేది వ్యాకరణం కాదు, చెప్పదలచుకున్న మాటకుండే మొగ్గు.

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు ఒక్క విన్నపం. బట్ కింద ఎర్రగీత గీసే ముందు, ఆ ఆల్దో ఖండాన్ని వాక్యం చివరికి జరిపి రాయమని చెప్పండి. అదనపు బట్ తనంతట తనే పడిపోతుంది. ఎందుకు పడిపోయిందో పిల్లలనే చెప్పమనండి, తెలుగు వాక్యాన్ని పక్కన రాసి.