దిద్దిన కాగితం మీద ఏం రాయాలి?

చదువు ఆగిపోయిన పాతికేళ్లకు మళ్లీ పుస్తకం పట్టినవాళ్ల మొదటి వ్యాసం దిద్దడమూ, పద్దెనిమిదేళ్ల పిల్లల జవాబుపత్రం దిద్దడమూ ఒకటి కాదు. పిల్లల కాగితంలో వరస ఉంటుంది, సొంత మాట ఉండదు. ఆ వరస కూడా గైడు పుస్తకానిదే. పెద్దవాళ్ల కాగితంలో అంతా తలకిందులు. సొంత మాట ప్రతి పేరాలోనూ ఉంటుంది, ఏ పేరా ఎందుకు ఎక్కడుందో మాత్రం రాసినవాళ్లకే తెలియదు. వాళ్లు సంగతులను గుర్తొచ్చిన వరసలో రాస్తారు.

నిజామాబాద్ గిర్‌రాజ్ కళాశాలలోని సార్వత్రిక విశ్వవిద్యాలయ కేంద్రానికి ఆదివారాలు వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది. పదో తరగతితో ఆపేసి బోధన్ వైపు పొలం పనుల్లోకి పోయినవాళ్లు, చక్కెర మిల్లులో పనిచేసినవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తీరిక దొరికిన ఆడవాళ్లు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ మొదటి ఉపకులపతి ఆయనే. హైదరాబాద్ సంస్థకు తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టారు.

ఉత్తరంలో దిద్ది పంపే చదువు మాత్రం వీటికన్నా చాలా పాతది. 1840లో ఇంగ్లండులో చవక తపాలా రాగానే ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పాఠాలు పోస్టులో పంపి, నేర్చుకునేవాళ్లు రాసినవి దిద్ది తిప్పి పంపేవాడు. ఇప్పటి దూరవిద్యకు మూలం అదే. గురువు ముఖం అరుదుగా కనబడే ఈ చదువులో దిద్దిన కాగితమే తరగతి. అందుకే ఇగ్నో తన కౌన్సెలర్లకు వ్యాఖ్యలు రాయడం విడిగా నేర్పిస్తుంది. మార్జిన్‌లో రాసేవి వేరు, చివర కాగితం మొత్తం మీద రాసేవి వేరు అంటుంది. డొల్ల వ్యాఖ్యలని ఒక రకాన్ని పేరు పెట్టి మరీ చెబుతుంది. ‘బాగుంది’, ‘ఇంకా వివరించాలి’, ‘క్రమం లేదు’ లాంటివి అవి. అబద్ధాలు కావు, వాటితో చేయగలిగే పనే ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కాగితమూ కాదు, ఇలాంటి జవాబుల పోలికలు కలిపి నేను అల్లినది. ప్రశ్న: ‘బోధన్ ప్రాంత వ్యవసాయం మీద చక్కెర కర్మాగారం ప్రభావాన్ని వివరించండి.’ రాసిన మనిషికి యాభై ఏళ్లకు దగ్గర. తండ్రి చెరకు రైతు.

మొదటి పేరాలో నాన్న ఎడ్లబండి మీద చెరకు తోలుకుపోయి, మిల్లు ముందు వరసలో రాత్రంతా కునుకు లేకుండా ఆరాటపడ్డ జ్ఞాపకం. రెండో పేరాలో మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్, దాని కాలువలు. మూడో పేరాలో హఠాత్తుగా 2015 డిసెంబరు, మిల్లు మూత. నాలుగులో నరికిన చెరకు నిలవ ఉండదనీ, వడ్లను ధర వచ్చేదాకా ఇంట్లో పోసుకోవచ్చుగాని చెరకును పోసుకోలేమనీ. అయిదులో శక్కర్‌నగర్ మిల్లు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి. ఆరులో 1937లో నిజాం చక్కెర కర్మాగారం పెట్టడం, 2002లో ప్రైవేటు చేతికి పోవడం. ఆ పేరా చివర ఒక వాక్యం: ‘మిల్లు ఆగితే చెరకు ఒక్కటే పోలేదు, నీళ్ల లెక్క, కూలీ లెక్క, అప్పు లెక్క అన్నీ మారినయి.’ ఏడులో ప్రభుత్వం మిల్లు తెరవాలన్న కోరిక.

దీని మీద ‘వ్యాసం గందరగోళంగా ఉంది, ఉపోద్ఘాతం, విషయం, ముగింపు పాటించండి’ అని రాయడం తేలిక. నాకు మాత్రం ఆ సలహా మీద నమ్మకం లేదు. ఈ మనిషి మొదటి పేరాను ఉపోద్ఘాతమనీ, ఏడో పేరాను ముగింపనీ అనుకునే రాశాడు. మూడు గదులు కట్టుకోమంటే కట్టుకుంటాడు, ఏ సామాను ఏ గదిలో పెట్టాలన్నది అప్పటికీ తేలదు. అసలు లోపం వేరే చోట ఉంది. వ్యాసం ఏం చెప్పాలనుకుంటున్నదో ఆయనకు ఆరో పేరా రాస్తున్నప్పుడు తెలిసింది. రాస్తూ ఆలోచించేవాళ్లందరికీ ఇలాగే అవుతుంది, తమ మాట తమకు చివర్లో దొరుకుతుంది. కాబట్టి ఇలాంటి కాగితం దిద్దేటప్పుడు ముందుగా చివరి రెండు పేరాల్లో వెతకాలి. నూటికి తొంభై సార్లు అక్కడే ఉంటుందని నా అంచనా.

దొరికాక దాన్ని మనమే పైకి తెచ్చి వ్యాసం సర్ది ఇవ్వకూడదు. అది మన వ్యాసం అయిపోతుంది. చేయాల్సిందల్లా ఆ వాక్యం చూపించి, సర్దే పద్ధతి ఒకటి చేతికిచ్చి, పని ఆయనకే వదిలెయ్యడం. నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్కారమండి. మీ వ్యాసం రెండుసార్లు చదివాను. నరికిన చెరకు నిలవ ఉండదు కాబట్టి రైతుకు మిల్లు దగ్గర్లో ఉండి తీరాలని నాలుగో పేరాలో చూపించారు. ప్రశ్న అడిగింది సరిగ్గా దీన్నే. పాఠ్యపుస్తకంలో లేని ఈ మాట మీ అనుభవం నుంచి వచ్చింది.

ఆరో పేరా చివరి వాక్యం కింద గీత గీశాను. మీ వ్యాసం మొత్తం చెప్పదలచుకున్నది అదేనని నాకనిపించింది. అవునో కాదో మీరే చూసుకోండి. అక్కడికి వచ్చేదాకా నిజాంసాగర్ ఎందుకు వచ్చింది, మూసివేత ఎందుకు వచ్చింది అని నాకు తెలియలేదు. పక్కపక్కన ఉన్నాయి, ఒకదాన్నొకటి పట్టుకుని లేవు.

ఒక పని చేయండి. ప్రతి పేరా పక్కన అది ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. ఏడు వాక్యాలు వస్తాయి. గీత గీసిన వాక్యాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, ఈ ఏడింటిలో దాన్ని నిలబెట్టేవి ఏవో, ఏ వరసలో నిలబెడతాయో చూడండి. ఎక్కడా చోటు దొరకని పేరా ఉంటే పక్కన పెట్టండి. ఇంకో ప్రశ్నకు పనికొస్తుంది.

చివరగా ఒకటి అడుగుతాను. ఆ రాత్రి మీ నాన్నగారు వరసలో ఎందుకు అంత ఆరాటపడ్డారు? జవాబు మీ నాలుగో పేరాలోనే ఉంది.

అక్షరదోషాలు ఇప్పుడు దిద్దలేదు. రెండోసారి రాశాక చూద్దాం.’

ఇంతే ఉత్తరం. ఇందులో ఆఖరి ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. కోసిన చెరకు ఎండకు బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర విరుగుతుంది, ఒక రోజులోపు గానుగకు చేరితేనే మేలు. వరసలో గడిచే ప్రతి గంటా రైతుకు నష్టమే, తండ్రి కునుకు తీయనిది అందుకే. ఈ సంగతి తట్టగానే మొదటి పేరా జ్ఞాపకం సాక్ష్యంగా మారిపోతుంది, నాలుగో పేరా పక్కన చేరుతుంది. ‘సొంత జ్ఞాపకాలు రాయకండి, ఇది పరీక్ష’ అని కొట్టేసే కౌన్సెలర్లున్నారు. వయసు మళ్లాక చదువుకొచ్చిన మనిషి దగ్గర ఉన్న అసలు సరుకు అదే. దాన్ని కొట్టేస్తే రెండో వ్యాసం గైడులోంచి వస్తుంది.

ఇక ఏడు వాక్యాలూ బయటపెట్టి చూస్తే తక్కినవీ సర్దుకుంటాయి. కాలువ నీళ్లు రావడం, 1937లో మిల్లు రావడం కలిసి చెరకు ఎందుకు వేశారో చెబుతాయి. నిలవ ఉండని గుణం, బండి మీద తండ్రి, చెరకు రైతు మిల్లుకు ఎందుకు కట్టుబడ్డాడో చెబుతాయి. 2002, 2015 ఆ కట్టు తెగిన కథ. ఆ తర్వాత కొందరు కామారెడ్డి వైపు మిల్లుకు చెరకు తోలారు, చాలామంది వరికి మళ్లారు. ఇది ఆయన కాగితంలో లేదు. ఖాళీ ఎక్కడుందో ఈ పద్ధతి ఇలా ఆయనకే చూపిస్తుంది. క్వార్టర్ల పేరాకు మాత్రం చోటు ఉండదు, ప్రశ్న వ్యవసాయం గురించి గనక. ఆయనకు బహుశా ఆ పేరాయే ఎక్కువ ఇష్టమై ఉంటుంది. అందుకే ఉత్తరంలో తీసెయ్యమనలేదు, పక్కన పెట్టమన్నాను.

అక్షరదోషాలు వదిలెయ్యడం మీద చాలామందికి అభ్యంతరం. అమెరికాలో నాన్సీ సోమర్స్ 1982లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక సంగతి గమనించింది. ఉపాధ్యాయులు అదే పేరాలో వాక్యాల తప్పులూ దిద్దుతారు, అదే పేరాను మార్చి రాయమనీ అంటారు. ఎలాగూ మారిపోయే వాక్యంలో కామా సరిచేసి విద్యార్థి ఏం చేసుకోవాలి? ఎర్రసిరా నిండిన కాగితం చూసి అతను తేలిక పనే ఎంచుకుంటాడు. దోషాలు దిద్దేసి వరస అలాగే ఉంచుతాడు. ఆమె ఇంకో మాట కూడా అంది, చాలా వ్యాఖ్యలను ఒక కాగితం మీంచి తీసి ఇంకో కాగితం మీద అంటించినా తేడా తెలియదని. మన ఉత్తరాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి గీటురాయి నాకు తెలియదు. పై ఉత్తరాన్ని వరకట్నం మీద వ్యాసానికి అంటించి చూడండి, అతకదు.

మార్కుల సంగతి చిక్కుది. రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడి పిల్లల మీద చేసి 1988లో ప్రచురించిన ప్రయోగంలో, వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ల పని మెరుగైంది. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా చూసినవాళ్లది మెరుగవలేదు. ఇగ్నోలో చాలా కోర్సులకు అసైన్‌మెంట్ల వాటా ముప్పై శాతం కాబట్టి మార్కు వెయ్యకుండా కుదరదు. కనీసం ఉత్తరం మొదటి పేజీలో పెట్టి, మార్కు వెనక వేయవచ్చు.

ఈ పద్ధతి ఆలోచన ఉన్న కాగితానికే పనికొస్తుంది. ఏడు పేరాల పక్కన రాసిన ఏడు వాక్యాలూ ‘చెరకు ముఖ్యమైన పంట’ అనే అంటుంటే సర్దడానికి ఏమీ లేదు. అప్పుడు చెప్పాల్సింది మళ్లీ పాఠం చదవమనే. పరీక్ష హాల్లో కూడా ఇది ఇలాగే నడవదు, రాసి తిరగరాసే సమయం ఉండదు కనుక. అక్కడ అడ్డదారి ఒకటుంది. జవాబు మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు చిత్తుగా గుర్తొచ్చిందల్లా గుర్తొచ్చినట్టే పొడి మాటల్లో రాసుకోవాలి. చివర పడ్డ మాటలు రెండు మూడు చూసి, వాటిలోంచి మొదటి వాక్యం ఎంచుకోవాలి. తర్వాత చిత్తులో దానికి పనికొచ్చే మాటల పక్కన అంకెలు వేసుకుని, ఆ అంకెల వరసలో జవాబు రాసుకుంటూ పోవాలి.