ఆ 6.3 చూసి మురిసిపోయాను

నిరుడు కార్తీకంలో రెండో సోమవారం, సాయంత్రం నాలుగింటికి ఒక పెద్దావిడను ఆటోలో తీసుకొచ్చారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. పదేళ్ళుగా నా దగ్గరే షుగరుకీ బీపీకీ మందులు వాడుతున్న మనిషి. మూతి కొంచెం పక్కకు లాగింది, మాట ముద్దగా వస్తోంది, కుడిచెయ్యి ఎత్తమంటే సగంలోనే జారిపోతోంది. "నాన్నగారికి వచ్చినట్టే పక్షవాతం వచ్చింది డాక్టరుగారూ, స్కానింగుకి పెద్దాస్పత్రికి తీసుకుపోమంటారా?" అని కొడుకు కంగారుపడుతున్నాడు.

నిజానికి నేనూ పక్షవాతమే అనుకున్నాను. బీపీ పట్టీ చుడుతున్న నర్సమ్మ, "జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది సార్" అనేసరికి చెయ్యి షుగరు మిషను మీదికి పోయింది. 38.

వయసులో ఉన్నవాళ్ళకు షుగరు డెబ్భై దాటి దిగుతుంటే ఒళ్ళు ముందే చెప్తుంది. వేళ్ళు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి దంచేస్తుంది. వయసు మళ్ళేకొద్దీ ఆ గంట చిన్నగా మోగుతుంది. పైగా ఈవిడ బీపీకి వాడుతున్న మెటోప్రొలాల్ వణుకునూ దడనూ కప్పేస్తుంది. చెమటను మాత్రం కప్పలేదు. ఇలాంటివాళ్ళలో షుగరు పడిపోయిందంటే ముందుగా దెబ్బ తగిలేది మెదడుకే: తికమక, మాట తడబాటు, తూలడం, ఒక్కోసారి అచ్చం పక్షవాతం. అందుకే మూతి వంకర పోయిన షుగరు పేషెంటు ఎవరొచ్చినా, స్కానింగు మాట ఎత్తేముందు వేలికి సూది గుచ్చాలి. ఆ పరీక్షకు పట్టేది పది సెకన్లు.

నరం దొరకబుచ్చుకుని 25 శాతం డెక్స్‌ట్రోజు వంద మిల్లీలీటర్లు, అంటే 25 గ్రాముల గ్లూకోజు, నెమ్మదిగా ఎక్కించాం. పది నిమిషాలకు మూతి సరైంది. కుడిచేత్తో కొంగు సర్దుకుని, "దీపం పెట్టే వేళయిందా?" అని అడిగింది.

కొడుకు అప్పుడు చెప్పుకొచ్చాడు. అమ్మకు సోమవారం ఉపవాసం, చుక్కను చూసి గానీ ముద్ద ముట్టదు. మాత్ర మాత్రం మానలేదు, ఎందుకంటే 'మందు మానకూడదు' అని నేనే వందసార్లు చెప్పాను. పొద్దున్న ఏడింటికి ఖాళీ కడుపున మాత్ర. మధ్యాహ్నం మూడింటికి పరధ్యానంగా కనిపిస్తే బెల్లం నీళ్ళు పట్టించారు. "గ్లాసుడు తాగింది, అయినా ఏం తేడా రాలేదు. అందుకే షుగరు కాదు, పక్షవాతమే అనుకున్నాం."

ఆ బెల్లం నీళ్ళు ఎందుకు పనిచెయ్యలేదో చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇది తెలియదు. ఆవిడ వేసుకుంటున్న మాత్రలో మూడు మందులున్నాయి: గ్లిమెపిరైడు, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజు. మన దగ్గర ఈ ముగ్గురూ కలిసిన మాత్ర విరివిగా రాస్తాం. ఇందులో వోగ్లిబోజు పేగుల్లో కూచుని పిండినీ చక్కెరనీ విడగొట్టే ఎంజైములకు అడ్డుపడుతుంది. పంచదార అయినా బెల్లం అయినా అందులో ఉన్నది ప్రధానంగా రెండు ముక్కలు అతుక్కున్న చక్కెర. అది విడితే గానీ రక్తంలోకి వెళ్ళదు. విడగొట్టేవాణ్ణి మాత్ర కట్టేసింది గనుక తాగిన బెల్లం నీళ్ళు పేగుల్లోనే తచ్చాడుతుంటాయి. మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడి ముందే విడిపోయి ఉంటుంది, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మాత్ర అట్ట మీద వోగ్లిబోజు అనో అకార్బోజు అనో ఉంటే ఇంట్లో గ్లూకోజు పొడి ఉండి తీరాలి. మూడు చిన్న చెంచాలు, అంటే ఇంచుమించు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్ళీ చూడాలి. డెబ్భై దాటకపోతే ఇంకో మూడు చెంచాలు. మింగగలిగే తెలివి ఉంటేనే. తెలివి లేనివాళ్ళ నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు 108కి ఫోను చెయ్యడం ఒక్కటే పని.

ఆరింటికి మిషను 164 చూపించింది. ఆవిడ లేచి కూర్చుంది, "ఇంటికి తీసుకుపోతాం" అన్నారు. ఆ రాత్రికి ఉంచమన్నాను. కొడుకు మొహంలో 'బిల్లు కోసమే' అన్న అనుమానం కనిపించింది, దాచలేదు కూడా. రాత్రి పదకొండింటికి మళ్ళీ 51. ఈసారి ఆవిడ నిద్రలో ఉంది. ఇంట్లో ఉండుంటే ఆ నిద్రను ఎవరూ కదిపేవారు కాదు.

గ్లిమెపిరైడు స్వభావం అది. రక్తంలో చక్కెర ఉందా లేదా అన్న లెక్క దానికి లేదు. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీస్తూనే ఉంటుంది. కాలేయంలో విరిగాక కూడా దాని తునకకు కొంత పని చేసే శక్తి ఉంటుంది, ఆ తునక బయటికి పోవాల్సింది మూత్రపిండాల గుండా. కిడ్నీలు మందగిస్తే ఒక్కరోజు మందు రెండ్రోజుల మందవుతుంది. దాని అన్న గ్లిబెన్‌క్లమైడు ఇంకా మొండిది. పెద్దవాళ్ళకు రాయొద్దని ఎప్పటినుంచో చెప్తున్నా పాత చీటీల మీద ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. అందుకే ఈ జాతి మాత్రతో షుగరు పడిపోతే ఒక సూదితో కథ ముగియదు. రాత్రంతా 10 శాతం డెక్స్‌ట్రోజు సన్నగా ఎక్కిస్తూ రెండేసి గంటలకోసారి చూసుకున్నాం. తిన్నది తిన్నట్టుగా షుగరు నిలబడటానికి ముప్ఫై గంటలు పట్టింది.

ఆ రాత్రి ఆవిడ ఫైలు ముందేసుకుని కూచున్నాను. దసరా ముందటి మూణ్ణెల్ల షుగరు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, 6.3. పక్కన నా చేతిరాతతోనే 'చాలా బాగుంది' అని ఉంది. ఆవేళ శభాష్ అని, పక్కన కూర్చున్న ఇంకో పేషెంటుకు ఈవిణ్ణి చూపించి నేర్చుకోమన్నాను కూడా.

6.3 అంటే సగటున 134 అన్నట్టు. సగటే అది. టిఫిను తిన్నాక 220, మధ్యాహ్నం 55 ఉన్నా సగటు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. గుంటలూ మెరకలూ అందులో కనిపించవు. రక్తహీనతో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళలో ఆ సగటును కూడా పూర్తిగా నమ్మలేం.

అదే కాగితాల్లో క్రియాటినిన్ 1.4 ఉంది. వయసుకు మామూలే అని వదిలేశాను. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆడమనిషికి ఆ 1.4ను ఈజీఎఫ్‌ఆర్ లెక్కలోకి మారిస్తే వచ్చేది 38 చిల్లర. క్రియాటినిన్ కండలోంచి పుడుతుంది, కండ కరిగిన ముసలి ఒంట్లో తక్కువ పుడుతుంది గనుక 1.4 అమాయకంగా కనిపిస్తుంది. ఆవిడ బరువు రెండేళ్ళలో 52 నుంచి 45 కిలోలకు దిగింది. పళ్ళు ఊడాక మధ్యాహ్నం అన్నం సగమైంది. మాత్ర డోసు మాత్రం మూడు పూటలా తిని, గుడికి నడిచివెళ్ళే రోజుల్లో రాసిందే.

కోడలిని విడిగా అడిగాను. "రెండు నెలల్నుంచీ మధ్యాహ్నం పూట ఊరికే విసుక్కుంటున్నారండీ. చేతిలో గిన్నె పడేస్తారు, అడిగితే ఏడుస్తారు. వయసు కదా అనుకున్నాం." వినాయక చవితి ముందు బాత్రూములో పడ్డారట, అదీ పదకొండు దాటాకే. చాదస్తం అనుకున్నదంతా గడియారం పక్కన పెట్టి చూస్తే మాత్ర వేసుకున్న నాలుగైదు గంటలకు సరిపోతోంది. ఇంట్లోవాళ్ళను ఏం జరిగిందని మాత్రమే అడిగితే చాలదు, ఎన్నింటికి జరిగిందని అడగాలి. తలగడ తడవడం, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి ఉంటే రాత్రి పడిపోతోందని అనుమానించాలి.

గట్టిగా తగ్గించడమే మంచిదన్న నమ్మకం నా ఒక్కడిదే కాదు. అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా మధుమేహుల మీద అకార్డ్ అనే పెద్ద ప్రయోగం చేశారు. ఒక జట్టులో హెచ్‌బీఏ1సీని ఆరు కిందికి దించాలన్నది గురి, రెండో జట్టులో ఏడూ ఎనిమిదీ మధ్య. 2008లో మొదటి జట్టుకు ఆ పద్ధతిని మధ్యలోనే ఆపేశారు. అందులో 257 మంది, రెండో దాంట్లో 203 మంది చనిపోయారు. షుగరు పడిపోవడమే ఆ చావులకు కారణమని తేల్చలేదు. ఇంకొకరి సాయం కావాల్సినంతగా పడిపోయినవాళ్ళు మాత్రం మొదటి జట్టులోనే బాగా ఎక్కువ. ఇప్పుడు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, ఇలా నాలుగు జబ్బులు చుట్టుకున్న పెద్దవాళ్ళకు ఎనిమిది లోపు ఉంటే చాలంటుంది. పరగడుపున 90 నుంచి 150, పడుకోబోయేముందు 100 నుంచి 180. కింది గీత కూడా రాసి ఉండటమే ఇందులో నాకు నచ్చింది.

మూడు మందుల మాత్ర ఆపేశాను. మెట్‌ఫార్మిన్ 500 ఒక్కటి, రాత్రి భోజనం తరవాత. ఈజీఎఫ్‌ఆర్ ముప్ఫై కిందికి దిగితే అదీ ఆపెయ్యాలి. దానికి తోడు లినాగ్లిప్టిన్ 5, రోజుకొకటి. ఇది కడుపులోకి తిండి వెళ్ళి చక్కెర పెరిగినప్పుడే పనిలోకి దిగుతుంది, కిడ్నీ మందగించినా డోసు మార్చక్కర్లేదు. ఒంటరిగా షుగరును ప్రమాదకరంగా పడగొట్టడం అరుదు. ఇది ఈవిడ ఒంటికి కుట్టిన జాకెట్టు. చదివి ఎవరికి వారు మాత్రలు మార్చేసుకోవద్దు, ఇన్సులిన్ మీదున్నవాళ్ళు అసలే వద్దు.

మూణ్ణెల్లకు కొడుకు ఫోను. "డాక్టరుగారూ, 6.3 ఉండేది 7.8 అయింది. మందు పెంచాలా?" గొంతులో బెంగ. అక్కర్లేదన్నాను. కళ్ళకీ కిడ్నీలకీ చక్కెర చేసే చెరుపు ఏళ్ళ తరబడి జరిగే పని. ఇవాళ మధ్యాహ్నం బాత్రూములో పడి తుంటి ఎముక విరగడానికి ఒక్క నిమిషం చాలు. అలాగని వదిలెయ్యమని కాదు. 180, 200 దాటి నిలిచిపోతే చక్కెర మూత్రంలోకి దిగుతుంది, రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తుంది, ఒంట్లో నీరు తగ్గి అప్పుడూ పడిపోతారు. ఎనిమిదిన్నర దాటితే చూద్దామన్నాను. "మరి పెద్దావిడ ఎలా ఉంది?" అని అడిగితే, "గిన్నెలు పడెయ్యడం లేదండీ" అన్నాడు.

ఈ కార్తీకానికి ముందే ఆవిడ స్వయంగా వచ్చింది. ఉపవాసం మానమని చెప్తే వినే మనిషి కాదు, నేనూ చెప్పలేదు. సోమవారం మాత్రలు రెండూ రాత్రి భోజనానికే, మధ్యలో పాలూ పళ్ళూ తీసుకోవాలి, పన్నెండింటికీ నాలుగింటికీ మిషను పెట్టాలి, డెబ్భై కింద చూపిస్తే గ్లూకోజు తాగాలి. అంతా విని, "గ్లూకోజు తాగితే ఉపవాసం పోతుందా నాయనా?" అంది. నాకు తెలియదన్నాను. కాసేపు ఆలోచించి తనే తేల్చుకుంది: "అన్నం కాదుగా, మందేగా."

తరవాత కోడలు వాట్సాపులో ఒక ఫోటో పంపింది. దేవుడి గూట్లో కర్పూరం డబ్బా పక్కన గ్లూకోజు పొట్లం, దాని మీద వణికే అక్షరాలతో 'మందు' అని రాసి ఉంది.