ఏడో ఇంటి బిందువులు

మొన్న ఒకావిడ కూతురి జాతకం ప్రింటు పట్టుకొచ్చారు. సర్వాష్టకవర్గు చక్రంలో తులారాశి గడిలో ఉన్న 26 చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి ఉంది. "28 రాలేదటండీ. కళత్ర స్థానం బలహీనమని అబ్బాయి వాళ్లు వద్దన్నారు" అన్నారు.

నాకు మనసు చివుక్కుమంది. ఆ 28 ఎక్కడిదో ఎవరూ అడగరు. ఏ జాతకంలోనైనా మొత్తం బిందువులు 337. పన్నెండు రాశులకూ పంచితే సగటు 28. కానీ ఆ పంపకం అన్ని భావాలకూ ఒకేలా జరగదు. ఏడు గ్రహాలతో పాటు లగ్నం కూడా బిందువులిస్తుంది. అది ఇచ్చే 45 బిందువుల్లో పదకొండో ఇంటికి 7 వెళితే, ఏడో ఇంటికి దక్కేది ఒక్కటే, అదీ గురువు వర్గులో. మిగతా 292 గ్రహాలవి. వాటిని పన్నెండుతో భాగిస్తే 24 పైచిలుకు, లగ్నమిచ్చే ఒకటి కలిపితే 25 పైచిలుకు. సప్తమానికి న్యాయమైన సగటు ఇదే. కాబట్టి 26 తక్కువేం కాదు.

ఆవిడ ఎదుటే లెక్క మళ్లీ వేశాను. అమ్మాయి 2002 మార్చిలో పుట్టింది. మేష లగ్నం, లగ్నంలోనే కుజుడు. మీనంలో రవి, ఉచ్చ శుక్రుడు. మిథునంలో చంద్రుడు, గురువు. కుంభంలో బుధుడు, వృషభంలో శని. తులకు రవి, బుధుడు చెరి ఐదు బిందువులిచ్చారు. కుజుడు నాలుగు, గురు శుక్ర శనులు తలా మూడు, చంద్రుడు రెండు, లగ్నం ఒకటి. సరిగ్గా 26.

ఆ నాలుగు ఇచ్చిన కుజుడే లగ్నంలో కూర్చుని సప్తమాన్ని చూస్తున్నాడు. బిందువుల లెక్కకు దృష్టితో పని లేదు. సప్తమాధిపతి శుక్రుడు ఉచ్చలో ఉన్నా పన్నెండో ఇంట ఉన్నాడన్న సంగతీ ఆ 26లో కనిపించదు. అందుకే నేను శుక్రుడి భిన్నాష్టకవర్గు విడిగా చూస్తాను. తులలో ఐదు బిందువులున్నాయి. ఆ వర్గులో సప్తమానికి లగ్నం ఎప్పుడూ బిందువు ఇవ్వదు గనుక, ఏడింట ఐదు అన్నమాట. మంచి బలమే. పెళ్లి విషయంలో నేను మొత్తం అంకె కన్నా దీనికే ఎక్కువ విలువిస్తాను. కుజుడి దృష్టిని మాత్రం అబ్బాయి జాతకంతో కలిపి విడిగా తూచాల్సిందే.

అయితే లగ్నం మేషం చివరి భాగల్లో ఉంది. పుట్టిన వేళ కాస్త ఆలస్యమైతే వృషభ లగ్నమవుతుంది, సప్తమం వృశ్చికానికి మారుతుంది. అదీ లెక్కేశాను: 29.

"టైము ఎవరు రాశారమ్మా?" అన్నాను.

"మా అత్తగారు గోడ గడియారం చూసి చెప్పారండీ."

ఆసుపత్రి చీటీ వెతికి తెమ్మన్నాను.