బ్రావో ఎవరికి, బ్రావా ఎవరికి

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. మా పల్నాటి ఊళ్లలో చాపల మీద కునికిపాట్లు పడేవాళ్లు కూడా అప్పుడు లేచి సర్దుకుని కూర్చుంటారు. కథ ఆగుతుంది, హార్మోనియం శ్రుతి అందుకుంటుంది, నటుడు పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదం మీద రాగం తీసి తీసి దించగానే జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక. ఇటలీవాళ్ల ఒపెరాలో ఆరియా అంటే ఏమిటో చెప్పమంటే నేను ఈ సీనే చూపిస్తాను.

ఆరియా అంటే గాలి అని అర్థం. ఒపెరాలో కథను నడిపించేది రెసిటేటివ్. అది మాటలాగే సాగే పాట, మన నాటకంలో వచనం చేసే పని చేస్తుంది. ఎవరు వచ్చారు, ఉత్తరంలో ఏముంది అన్నవి అందులో తేలిపోతాయి. పాత్ర మనసు పొంగినప్పుడు కథ నిలిచిపోయి ఆరియా మొదలవుతుంది. 18వ శతాబ్దపు తొలి రోజుల్లో ఆరియాలో మొదటి భాగం, వేరే భావంతో రెండోది, తిరిగి మొదటిదే వచ్చేవి. ఆ తిరిగి పాడేటప్పుడు గాయకుడు రాసిన వరస మీద తన సొంత సంగతులు వేసేవాడు. జనం టికెట్టు కొనేది ఆ సంగతుల కోసమే.

అప్పటి గాయకులు తమకు పేరు తెచ్చిన ఆరియాను ఊరూరా వెంట తీసుకెళ్లి, ఏ ఒపెరాలో పాడుతున్నా అందులో చొప్పించేవారు. దాన్ని పెట్టె ఆరియా అన్నారు, పెట్టెలో బట్టలతోపాటు ప్రయాణం చేసేది కనక. మన కాటిసీనులోనూ జరిగింది అదే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిలో మారుమోగే శ్మశాన పద్యాలు మాత్రం వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారివి. నటులు వాటిని తెచ్చి అక్కడ నిలిపారు. ఇప్పుడు అవి లేకుండా ఆడితే జనం ఊరుకోరు.

ఒపెరాతో వచ్చిన ఇటాలియన్ మాటలు ఇంకా ఉన్నాయి. లిబ్రెత్తో అంటే చిన్న పుస్తకం: ఒపెరా మాటల పాఠం. దీపాలు ఆర్పని ఆనాటి హాళ్లలో అది చేతిలో పట్టుకుని చదువుతూ వినేవారు. దివా అంటే దేవత. మన దేవి, దివ్య అన్న మాటలకూ దానికీ వేరు ఒకటే. మహా గాయనిని అలా పిలిచారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బ్రావో. ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు దాన్ని ఉత్త కేకగా అరువు తెచ్చుకున్నారు, అందుకే అందరికీ ఒకటే అరుస్తారు. ఇటాలియన్‌లో అది విశేషణం. ఎవరి గురించి అంటే వారికి తగ్గట్టు చివరి అచ్చు మారాలి. మగవాడు పాడితే బ్రావో, ఆడమనిషి పాడితే బ్రావా. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లే కలిసి పాడితే బ్రావే. మగవాళ్ల గుంపుకు బ్రావి. పదిమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడున్నా బ్రావి అనే అనాలి. పాడాడు, పాడింది, పాడారు అని మనం క్రియ చివర చెప్పే సంగతిని వాళ్లు మెచ్చుకోలు చివర చెబుతారు. మన శభాష్, భేష్ అలా మారవు. చాలా మాటలను అచ్చుతో ముగించే మన చెవికి ఆ తేడా పట్టుకోవడం కష్టం కాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే వేషంలో. మోత్సార్ట్ 1786లో వియన్నాలో ఆడించిన ‘ఫిగరో పెళ్లి’లో కెరుబీనో పడుచు కుర్రాడు, కానీ ఆ పాత్ర పాడేది స్త్రీ. ఆమె ఆరియా ముగిస్తే కేక బ్రావా. లెక్క పాడిన మనిషిది, పాత్రది కాదు. అదే నాటకంలో దొరసాని, దాసి సుజాన్న కలిసి ఉత్తరం రాసే యుగళం అయిపోతే బ్రావే. సుజాన్న, ఫిగరో కలిసి పాడితే బ్రావి. ఈ లెక్కన మన బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామగా ఎంత వయ్యారం ఒలికించినా, ఇటలీ ప్రేక్షకుడు బ్రావో అనే అరవాలి. కాటిసీనులో చంద్రమతి వేషం స్త్రీ వేసిందా మగవాడు వేశాడా అన్నదాన్ని బట్టి ఆమె ఒంటి పద్యానికి కేక మారుతుంది. హరిశ్చంద్రుడితో కలిపి ఇద్దరినీ మెచ్చుకుంటే మాత్రం ఎటు చూసినా బ్రావి.

వన్స్‌మోర్ గోల అక్కడా ఉంది. ఇటలీవాళ్లు ‘బిస్’ అంటారు, అంటే రెండోసారి. ‘ఫిగరో పెళ్లి’కి మళ్లీ మళ్లీ పాడమన్న కేకలతో ఆట సాగిపోతుంటే, కొద్ది రోజుల్లోనే చక్రవర్తి రెండో జోసెఫ్ ఆజ్ఞ జారీ చేశాడు: ఒకరికన్నా ఎక్కువ గొంతులు పాడే ఘట్టాలను తిరిగి పాడకూడదని. ఒంటి ఆరియా జోలికి ఆయన కూడా పోలేదు.

మిలాన్‌లో లా స్కాలా హాల్లో కూర్చునే అవకాశం మనవాళ్లకు వస్తే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మనం సంతోషం పట్టలేక ఈల వేస్తాం. ఈలపాటతోనే కల్యాణం రఘురామయ్య గారిని తలకెత్తుకున్న జనం మనం. అక్కడ మాత్రం ఈల అంటే ‘నువ్వు చెడగొట్టావు, దిగిపో’ అని.