ఫోటో వెనుక రాసిందెవరు?

సిరిసిల్ల ఇళ్లలో పాత ఫోటో తిప్పి చూస్తే భివండి స్టూడియో ముద్ర కనబడడం వింతేమీ కాదు. సాంచాల పని కోసం ఇక్కడి పద్మశాలీలు భివండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయారు. అక్కడ ఫోటో దిగి ఊరికి పంపేవారు. కాబట్టి ముద్రలో భివండి అని ఉంటే ఫోటో అక్కడ తయారైందనే అర్థం. అందులో ఉన్నవాళ్లు ఎవరో ముద్ర చెప్పదు.

ఈ మధ్య మా వాడకట్టులో ఒకరు కార్డు సైజు ఫోటో తెచ్చారు. కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు, పక్కన ఒకామె నిలబడింది. "మా తాత, బాపమ్మ సార్, పెద్దగ చేయించి గోడకు పెడ్తం" అన్నాడు. వెనుక ఊదారంగు ముద్ర మరాఠీలో ఉంది. మూలన పెన్సిల్‌తో 1187. మధ్యలో సిరాతో తెలుగులో "అక్క, బావ". తేదీ లేదు.

పెన్సిల్ అంకె ఇంటివాళ్లది కాదు, స్టూడియోది. అది నెగెటివ్ నంబరు. మళ్లీ కాపీ కావాలని ఎవరైనా వస్తే ఆ నంబరుతోనే నెగెటివ్ వెతికి తీసేవారు. స్టూడియో రిజిస్టరు దొరికితే ఆ నంబరు ఎదురుగా పేరూ, తేదీ ఉండొచ్చు. రిజిస్టరు లేకపోయినా నంబరు వృథా కాదు, పక్క నంబర్ల ఫోటోలు దొరకాలి అంతే. అందుకే పెట్టెలో ఉన్నవన్నీ తెమ్మన్నాను.

అందులో ఇంకొకటి దొరికింది. కుర్చీ పక్కన ఒంటరిగా నిలబడ్డ కుర్రవాడు. అదే ముద్ర, నంబరు 1192. వెనుక అదే చేతిరాతలో "నేను", కింద 14-4-61. కొన్ని స్టూడియోలు కొత్త ఏడాది రాగానే నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవి. కాబట్టి అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకే రోజని నమ్మకూడదు. ముందువైపు చూశాం. వెనుక తెర మీది మడత, కుర్చీ చేయి మీద పెచ్చు రెండింట్లోనూ ఒక్కటే. నలుగురైదుగురు గిరాకీల తేడాతో తీసినవని ఒప్పుకోవచ్చు.

కుర్రవాణ్ణి వాళ్లింట్లో పెద్దామె గుర్తుపట్టింది: "గీయన మా చిన్న మామ గదా, మా మామకు తమ్ముడు." అంటే రాసింది తాత తమ్ముడు. కుర్చీలో ఉన్నది తాతే అయితే ఈయన "అన్న, వదిన" అని రాయాలి. "అక్క, బావ" అన్నాడంటే ఆ జంట తాత ఇంటి ఆడబిడ్డ, ఆమె భర్త. గోడకెక్కాల్సింది వేరే ఫోటో అన్నమాట. వచ్చినాయన మొహం కాస్త చిన్నబోయింది, ఏం చేస్తాం.

ముద్రలతో ఇంకో చిక్కుంది. ఒక ఫోటోను చూసి మళ్లీ తీసిన కాపీ మీద కాపీ తీసిన స్టూడియో ముద్రే పడుతుంది. సిరిసిల్ల ముద్రలో 505301 అని ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాతిదే, పిన్‌కోడు వచ్చింది అప్పుడే. కానీ బొమ్మలోని మనిషి అంతకు ముందే పోయి ఉండొచ్చు. ఒక ఉపాయం చెబుతాను. బొమ్మలో మడతలు, గీతలు కనబడుతుంటే వేలితో మెల్లగా తడమండి. కంటికి కనబడే మడత వేలికి తగలకపోతే అది పాత ఫోటోకు తీసిన కాపీ. అప్పుడు ముద్రను బట్టి కాలం లెక్కేయకండి. కాగితం వెనుక సన్నగా ఇందు అనే పేరు అచ్చయి ఉన్నా ఇదే పద్ధతి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కాగితం అది, 1960ల చివర్లో మొదలైంది. కాగితం వయసు తెలుస్తుంది, మనిషి వయసు కాదు.

నిజాం కాలంవైతే ఉర్దూ రాత ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల వైపు ఇళ్లలో అవీ చూడొచ్చు. ఆ ఏళ్లు తరచు ఫసలీలో ఉంటాయి, 590 కలపాలి. 1351 అంటే 1941 అక్టోబరు నుంచి 1942 అక్టోబరు దాకా. ఉర్దూ ఏడు, ఎనిమిది ఒకదానికొకటి తలకిందులు, కాబట్టి ఫోటో తిరగేసి పట్టుకుంటే అంకె మారిపోతుంది. పక్కనున్న అక్షరాలు చూసి ఏ వైపు పైదో ముందు తేల్చుకోవాలి.

ఆల్బంలో మైదాపిండితో అంటించినవాటిని పీకకండి, వెనుక రాత ఊడి పేజీకే అంటుకుపోతుంది. రాత వెలిసిపోతే సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి ఏటవాలుగా వేయండి, కలం నొక్కిన గాడి కనబడుతుంది. ఇక మీ దగ్గరున్న ఫోటోల వెనుక మీరు రాసేటప్పుడు మెత్తని పెన్సిల్‌తో, అంచున రాయండి. "మా అత్త" అని ఆపకుండా ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు రాసి, చివర మీ పేరు కూడా పెట్టండి.