సంచిలో పాత గాస్కెట్

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరి దుకాణాలకు వచ్చేవాళ్లు ఒక్క తీరున ఉండరు. వరంగల్ వైపు బస్సెక్కే ముందు గబగబా ఏదో కొనుక్కుపోదామనేవాళ్లు, మెట్రో దిగి తీరిగ్గా చూసేవాళ్లు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన హిందీ మాట్లాడే కార్మికులు. అందరికీ ఒకే రాగంలో "వెల్‌కమ్ సార్, మే ఐ హెల్ప్ యూ?" అంటే చాలామంది చెప్పే జవాబూ ఒకటే: "ఊరికే చూస్తున్నా."

రిటైల్ శిక్షణలో రోల్ ప్లే పెట్టేది ఈ రాగం పోగొట్టడానికే. ముగ్గురు కావాలి: అమ్మేవారు, కొనేవారు, గమనించేవారు. కొనేవారికి ఒక చీటీ ఇస్తారు. అందులో ఏముందో అమ్మేవారికి తెలియదు. ఆట మూడు నిమిషాలు.

ఒక చీటీ చూద్దాం. 'అరవై దాటిన పెద్దావిడ. కుక్కర్ గాస్కెట్ కావాలి. పాతది సంచిలో ఉంది, అడిగితేనే తీస్తుంది. అరగంటలో యాదగిరిగుట్ట బస్సు.'

"నమస్తే ఆంటీ, ఏం కావాలి?"

"కుక్కర్ రబ్బరు."

"ఎన్ని లీటర్లది?"

"తెల్వదు బిడ్డా, నలుగురికి వండేది."

అమ్మే కుర్రాడు అయిదు లీటర్లవన్నీ కౌంటర్ మీద పేర్చాడు. కానీ లీటర్లు కలిస్తే చాలదు. మూత లోపలికి దిగే కుక్కర్‌కు ఒక రకం, పైన బిగించేదానికి మరో రకం. మూడు నిమిషాలు అయిపోయాయి.

గమనించేవారు 'బాగుంది', 'బాగాలేదు' అనకూడదు. కంటికి కనిపించినదే చెప్పాలి: "ఆమె రెండుసార్లు సంచిలో చెయ్యి పెట్టింది. నువ్వప్పుడు అరల వైపు తిరిగి ఉన్నావు."

తర్వాత పాత్రలు మార్చుకుంటారు. సైకోడ్రామాను రూపొందించిన జేకబ్ మొరెనో చికిత్సలో బాగా వాడిన పద్ధతి ఇది. పెద్దావిడగా నిలబడ్డ కుర్రాడికి ఆ గాస్కెట్ల వరస ఎంత కంగారు పెడుతుందో అప్పుడు తెలుస్తుంది. మళ్లీ తన వంతు వచ్చేసరికి అడిగింది ఒక్కటే: "నమస్తే అమ్మా, పాతది తెచ్చిన్రా?" 'ఆంటీ' కూడా జారిపోయింది. మంచిదే. నలభైల్లోని ఆడవాళ్లు చాలామంది ఆ పిలుపుకు మొహం చిట్లిస్తారు. మన వైపు 'అమ్మా' అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఈ అభ్యాసం చెడేది ఎక్కువగా మేనేజరే కొనేవారి వేషం కట్టినప్పుడు. సిబ్బంది ఆయన్ని మెప్పించడం సాధన చేస్తారు, పెద్దావిడ ఎటో పోతుంది. నవ్వించడానికి పోట్లాట కస్టమర్‌గా నటించేవాళ్లతోనూ ఇదే తంటా. చీటీలు మార్చకపోతే జవాబులు కంఠస్థమై పాత రాగమే మళ్లీ మొదలవుతుంది.

పైగా శనివారం సాయంత్రం కౌంటర్ దగ్గర ఒక్కరే ఉండరు. అందుకే నేర్పు వచ్చాక ఆట మధ్యలో రెండో కొనుగోలుదారును పంపాలి. పెద్దావిడ సంచి విప్పుతుండగా నాచారం కార్మికుడు వచ్చి "భయ్యా, మిక్సీ జార్ హై?" అంటాడు. "హా భయ్యా, ఏక్ మినిట్" అని అతని మొహం చూసి చెప్పి, వెంటనే గాస్కెట్ అందుకోవాలి. గమనించేవారు ఈసారి చూడాల్సింది ఆ ఒక్క చూపు, ఆ తర్వాత నిజంగా నిమిషంలో అతని దగ్గరికి వెళ్లాడా లేదా అన్నది.