ఏప్రిల్‌లో నిండే షెడ్డు

రాయదుర్గంలో బడి యూనిఫారాలు కుట్టించే ఒకావిడ తన బ్యాంకు మేనేజరుకు రాసిన ఉత్తరం నకలు నా దగ్గరుంది. “ఊరి పేరు చెప్పుకోండి, నా పేరు మాత్రం వద్దు” అంటూ ఇచ్చారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అప్పుల దరఖాస్తులు చదివినవాణ్ణి. బ్యాలెన్స్ షీట్లు, జీఎస్టీ రిటర్నులు, ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లో అన్నిటికన్నా పైన ఉండే ఉత్తరాన్ని మేం సాధారణంగా చదవకుండానే తిప్పేస్తాం. అందులో ఏముంటుందో ముందే తెలుసు గనక. మీ బ్యాంకు పేరు ప్రతిష్ఠలు, మా కష్టాలు, దయతో మంజూరు చేయమన్న ప్రార్థన. కొన్నిట్లో ఎంత కావాలో కూడా ఉండదు. ఈ ఒక్క పేజీని మాత్రం నేను పెన్సిలు పట్టుకుని చదివాను.

మొదటి వాక్యాలు ఇవి: “యూనిఫారాల సీజనుకు గుడ్డ కొనడానికీ, కుట్టుకూలి ఇవ్వడానికీ 12 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ కోరుతున్నాను. మెషీన్ల కోసం కాదు.” ఆ చివరి మూడు మాటల విలువ అప్పులిచ్చే వాళ్లకు తెలుస్తుంది. గుడ్డ కోసం ఇచ్చిన డబ్బుతో ఓవర్‌లాక్ మెషీన్ కొంటే, అది గుడ్డలాగా అమ్ముడై నాలుగు నెలల్లో తిరిగి రాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. ఈలోపు ఖాతా లిమిట్ అంచుకు చేరి అక్కడే నిలిచిపోతుంది. చిన్న యూనిట్లు చిక్కుల్లో పడే దారుల్లో ఇదొకటి. ఈవిడ ఆ అనుమానం పుట్టకముందే తీర్చేశారు.

తరువాత 12 లక్షలు ఎలా వచ్చాయో చెబుతారు. దీనికి బ్యాంకుల్లో ఒక మోటు లెక్క ఉంది. 1992లో నాయక్ కమిటీ చెప్పిన పద్ధతి అది. రాబోయే ఏడాది అమ్మకాల్లో నాలుగో వంతు వ్యాపారంలో తిరుగుతుందనుకుని, అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం యజమాని పెట్టుకోవాలి. ఈవిడ అంచనా 60 లక్షలు కాబట్టి బ్యాంకు వాటా సరిగ్గా 12 లక్షలు. చాలామంది ఆడిటర్లు ఇక్కడితో ఆపేస్తారు. అయితే ఈ లెక్క ఏడాది పొడుగునా వ్యాపారం ఒకేలా సాగుతుందనుకుంటుంది. యూనిఫారాలు అలా అమ్ముడవ్వవు. ఫిబ్రవరిలో తానులు దిగుతాయి, వేసవంతా మెషీన్లు ఆగవు, జూన్‌లో బడులు తెరిచే వేళకు సరుకు దుకాణాల్లో ఉండాలి. ఆ తర్వాత నైటీలతో, చిల్లర ఆర్డర్లతో షెడ్డు నెట్టుకొస్తుంది.

అందుకని ఆవిడ సగటు జోలికి పోకుండా రెండు రోజుల్ని ఎంచుకున్నారు. ఏప్రిల్ ఆఖరి రోజు, డిసెంబరు ఆఖరి రోజు. ఏప్రిల్ చివర గుడ్డ రూపంలో 5 లక్షలు, మెషీన్ల మీద సగం కుట్టిన సరుకుగా 2 లక్షలు, కాజాలు గుండీలు అయి ప్యాకింగుకు చేరిన సరుకుగా ఐదున్నర లక్షలు, దుకాణాల నుంచి రావలసిన బాకీలుగా మూడున్నర లక్షలు. మొత్తం 16 లక్షలు ఇరుక్కుని ఉంటాయి. అందులో సొంతం 4 లక్షలు, మిగతా 12 బ్యాంకువి. డిసెంబరు చివర అన్నీ కలిపి 6 లక్షలే. సొంత 4 లక్షలు పోను బ్యాంకు నుంచి వాడేది రెండే.

ఈ రెండు వరుసల్లో ఉన్న పనితనం చూడండి. సరుకు మీదా బాకీల మీదా నాలుగో వంతు మార్జిన్ తీసేసి, మిగిలినంతవరకే డబ్బు వాడుకోనివ్వడం బ్యాంకుల్లో తరచుగా కనిపించే నియమం. దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. 16 లక్షల్లో నాలుగో వంతు తీస్తే 12. అంటే లిమిట్ నిండా వాడే రోజున దానికి సరిపడా సరుకు షెడ్డులో ఉంటుంది. డిసెంబరులో 6 లక్షలకు నాలుగున్నర దాకా వాడుకోవచ్చు, వాడేది రెండు. ఖాతా 12కి ఎక్కి 2కి దిగుతుందని ముందే రాసివ్వడమంటే తనను కనిపెట్టి చూడడానికి బ్యాంకు చేతికి కొలబద్ద ఇవ్వడమే. డిసెంబరులోనూ 11 లక్షల దగ్గరే నిలిచి ఉంటే ఎక్కడో డబ్బు ఇరుక్కుందని ఎవరైనా చెప్పేయగలరు.

నాకు బాగా నచ్చింది మూడో పేరా. అప్పు లేకుండా ఇన్నాళ్లూ ఎలా నడిచిందన్న ప్రశ్నకు అక్కడ జవాబుంది. గుడ్డ వ్యాపారి నెల రోజుల అరువిస్తాడు. రొక్కమిస్తే మీటరు 117 రూపాయలు, అరువైతే 120. మూడు రూపాయలే గదా అనిపిస్తుంది. కానీ అది నెలకు రెండున్నర శాతం వడ్డీ, ఏడాదికి ముప్పై. ఏడాదిలో 20 లక్షల గుడ్డ అరువు మీద తెస్తున్నారు, అంటే 50 వేలు అదనంగా పోతోంది. అదే గుడ్డను బ్యాంకు డబ్బుతో రొక్కానికి కొంటే, 11 శాతం చొప్పున నెల వడ్డీ సుమారు 18 వేలు. మిగిలేది 32 వేలు. వ్యాపారం పెరగకపోయినా ఈ అప్పు తన వడ్డీ తాను సంపాదించుకుంటుందని ఆ పేరా ఒక్క విశేషణం లేకుండా చెబుతుంది.

అమ్మకాలు 48 లక్షల నుంచి 60కి ఎలా పెరుగుతాయి? దరఖాస్తుల్లో అబద్ధం ఎక్కువగా దూరే చోటు ఇదే. అంచనా ఎంత పెంచితే అప్పు అంత పెరుగుతుంది మరి. ఆవిడ రెండు కొత్త బడుల ఆర్డరు కాగితాలు జతచేసి, తన 18 మెషీన్లలో సగం సీజను బయట ఖాళీగా ఉంటాయని, మార్చిలోపే కుట్టు మొదలుపెట్టడానికి ఇంతకాలం గుడ్డకు డబ్బు లేకపోవడమే అడ్డమని రాశారు. పాత 48 లక్షలు పన్నెండు నెలల 3బీ రిటర్నుల మొత్తమని కూడా చెప్పారు. మేనేజరు చేసే మొదటి కూడిక అదే.

నాలుగో పేరా తన తప్పుల గురించి. మెషీన్ల అప్పు వాయిదా రెండేళ్ల కిందట రెండుసార్లు ఆలస్యమైంది, ఒక దుకాణం చెక్కు తిరిగి రావడం వల్ల. అదే దుకాణం నుంచి ఇప్పుడు 70 వేలు ఏడు నెలలుగా రాలేదు. “దాన్ని పై బాకీల్లో కలపలేదు.” ఆలస్యం ఎలాగూ క్రెడిట్ రిపోర్టులో కనబడుతుంది. మేనేజరు కనిపెడితే అది దాచిన సంగతి, ఆవిడే చెబితే జరిగిన సంగతి. మూడు నెలలు దాటిన బాకీలను బ్యాంకు ఎలాగూ లెక్కలోంచి తీసేస్తుంది. ఆవిడే తీసేయడంతో మిగిలిన మూడున్నర లక్షల మీద నమ్మకం కుదురుతుంది.

లోటు లేకపోలేదు. అంత గుడ్డ ఉన్న షెడ్డుకు అగ్నిప్రమాద బీమా ఉందో లేదో ఉత్తరంలో లేదు. ఆస్తి తాకట్టు లేదని రాశారు గానీ, సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ కింద పరిశీలించమని ఒక్క మాట చేర్చి ఉండాల్సింది. నేనైతే ఆ రెండూ అడిగేవాణ్ణి.

ఉత్తరం తేదీ నవంబరులో ఉంది. ఫిబ్రవరిలో గుడ్డ కావాలంటే అప్పుడే అడగాలి. ముగింపులో కృతజ్ఞతల బదులు ఇలా ఉంది: “మీరు చూడడానికి ఈ నెలలోనో వచ్చే నెలలోనో వస్తారు. అప్పుడు షెడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఏప్రిల్ ఆఖరి వారంలో కూడా ఒకసారి రండి. కూర్చోవడానికి చోటుండదు.”